సుష్మిత చదివిన ఉత్తరం

మా పక్కింటి విల్సన్ గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బందరు నుంచి గుడివాడకీ అవనిగడ్డకీ తిరిగిన పాతకాపులకి ఆయన బాగా గుర్తు. ఆయన బస్సు ఎప్పుడూ ఆలస్యమే. టీ తాగడానికి దిగిన ముసలాయన ఇంకా ఎక్కలేదనో, చంటిపిల్లతో ఒకావిడ అల్లంత దూరంలో వస్తోందనో ఈల ఊదకుండా నిలబడేవారు. డ్రైవరు విసుక్కుంటే, "ఒక్కరేగా అంటావు. ఆ ఒక్కరికి మనం తప్ప బస్సు లేదయ్యా" అనేవారు. అలాంటి మనిషి కూడా ఒకర్ని రోడ్డు మీద వదిలేశారు. ఆ సంగతే చెబుతున్నాను.

నా పేరు లక్ష్మీకాంతమ్మ. ఆయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయన భార్య రత్నకుమారిని వదినా అంటాను. వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్తే తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది. మా ఇళ్ళ మధ్య గోడ నడుమెత్తే, దాని మీంచి కూర గిన్నెలూ కబుర్లూ అటూ ఇటూ వెళ్తూనే ఉంటాయి. కాబట్టి నాకు తెలియకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదు. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

వాళ్ళకి ఒక్కడే కొడుకు, డేనియల్. గుడివాడలో మోటారు వైండింగు షాపు పెట్టుకున్నాడు. అతనికి ఇద్దరు మగపిల్లలు, అరుణ్, పవన్. వాళ్ళ తల్లి జబ్బుచేసి పోయింది. అప్పుడు పిల్లలిద్దర్నీ కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకుని, తాతే తల దువ్వి, తాతే బూట్ల లేసులు కట్టి బడికి పంపారు. నిరుడు వానల్లో డేనియల్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అమ్మాయి పేరు ప్రేమ, ఆసుపత్రిలో నర్సు. ఆమెకీ మొదటి భర్త పోయాడు. ఆమెకో కూతురు ఉంది, సుష్మిత. అరుణ్ కంటే చిన్నది, పవన్ కంటే పెద్దది. తల్లి డ్యూటీల మధ్య నలిగిపోతుంటే ఆ పిల్ల దివిసీమలో, నాగాయలంకలో, అమ్మమ్మ సత్యవతమ్మ దగ్గర పెరిగింది. ఆ పెళ్ళికి విల్సన్ గారు మనస్ఫూర్తిగానే వెళ్ళారు. కోడల్ని మెచ్చుకున్నారు. ఆ పిల్లని మాత్రం "ఆ అమ్మాయి" అనేవారు. పేరు పెట్టి పిలవడం నేనైతే వినలేదు.

ఏప్రిల్ వచ్చిందంటే ఆయనకో పని ఉంటుంది. మనవళ్ళని వేసవి సెలవులకి పిలుస్తూ ఉత్తరం రాయాలి. "ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అన్నయ్యగారూ, ఫోనుందిగా" అంటే ఒప్పుకోరు. "ఫోను చేస్తే సరే తాతయ్యా అని పెట్టేస్తారమ్మా. ఉత్తరమైతే వచ్చేదాకా దిండు కింద పెట్టుకుంటారు" అంటారు. పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి ఇన్‌లాండ్ కవరు అడుగుతారు. కౌంటర్లో అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, లోపల ఏ బీరువాలోంచో తెచ్చి ఇస్తుంది. ముందు తెల్లకాగితం మీద రాసి, వదినకి చదివి వినిపించి, తర్వాత ఆ నీలం కవరు మీదికి ఎక్కిస్తారు. మడతల మీద కూడా రాసి, జిగురు అంచు దగ్గర మాత్రం ఆగుతారు. చించేటప్పుడు అక్షరాలు పోతాయని. పైన పిన్‌కోడు గళ్ళలో ఒక్కో అంకె ముత్యంలా పెడతారు. డబ్బాలో వేసేది పొద్దున్నే, మొదటి క్లియరెన్సుకి, అంటే డబ్బా తెరిచి ఉత్తరాలు తీసే వేళకి. గుడివాడ మనకి పక్కనే ఉన్నా ఉత్తరం విజయవాడ వెళ్ళి, అక్కడ సార్టింగయ్యి, మళ్ళీ వెనక్కి వస్తుందట. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఆ ఓపిక పట్టడం కూడా ఆయనకి సరదాయే.

ఈసారి రాసిన ఉత్తరం ఇదీ. ముందు రాసిన ఆ తెల్లకాగితం తర్వాత నేనే నా కళ్ళతో చూశాను.

"చిరంజీవులు అరుణ్, పవన్‌లకు తాతయ్య దీవెనలు. ప్రభువు కృప వల్ల మేము క్షేమం. పరీక్షలు అవగానే వచ్చే శనివారం పొద్దున పాసింజరుకు నాన్నతో బయలుదేరండి. కిటికీ కోసం కొట్టుకోవద్దు. గుడ్లవల్లేరు దాకా ఒకరు, తర్వాత ఒకరు. పెడనలో సంచులు కిందికి దించుకోండి. చిలకలపూడిలో దిగొద్దు. బందరే ఆఖరి స్టేషను, నిద్రపోయినా ఫర్వాలేదు, రైలు మిమ్మల్ని ఇంకెక్కడికీ తీసుకుపోదు. నేను గేటు దగ్గర ఉంటాను. సముద్రానికి పాత నిక్కర్లు తెచ్చుకోండి, మంగినపూడి మట్టి మరక వదలదు. నీళ్ళలో మోకాలు దాటకూడదు. ఎండ తగ్గాకే వెళ్దాం. లైటుహౌసు చూపిస్తాను. నానమ్మ మీ ఇద్దరికీ రొయ్యల వేపుడు చేస్తానంది. మీ ఇద్దరికీ ముంజలు కొట్టిస్తాను. వస్తున్నట్టు కార్డు ముక్క రాయండి."

ఇద్దరికీ, ఇద్దరికీ. వదిన విన్నప్పుడే అడిగిందట, "మరి సుష్మిత పేరేదండీ?" అని. "ఆ అమ్మాయికి నాగాయలంకలో అమ్మమ్మ ఉందిగా, సెలవులకి అక్కడికే వెళ్తుందిలే" అన్నారట. "వెళ్తుందో లేదో కనుక్కున్నారా?" అంటే వినపడనట్టు పెన్ను క్యాపు పెట్టుకున్నారట. వదిన కూడా అంతటితో ఊరుకుంది.

మనలో పిలుపు అంటే ఏమిటో అందరికీ తెలుసు. పేరుపేరునా పిలవాలి. పెళ్ళికార్డు మీద "కుటుంబ సమేతంగా" అని అచ్చేసినా, వచ్చినవాడు గుమ్మంలో నిలబడి "అమ్మాయిని కూడా తీసుకురండి" అని విడిగా అనకపోతే ఆ అమ్మాయిని తీసుకెళ్ళం. ఆ సంగతి తెలిసే ఆయన ఆ పేరు రాయలేదు. చేతి పొరపాటు అయితే నేను ఇన్ని మాటలు అనేదాన్ని కాదు.

అనుకున్నట్టే కార్డు ముక్క వచ్చింది. గుండ్రటి తెలుగు అక్షరాలు, ఒక్క తప్పు లేదు. "తాతయ్యకు, నానమ్మకు వందనాలు. శనివారం పాసింజరుకు నాన్నతో వస్తున్నాము. ఇట్లు, అరుణ్, పవన్." ఆయన దాన్ని పట్టుకుని వీధంతా తిరిగారు. "ఇంగ్లీషు మీడియం వెధవ, తెలుగు ఎంత బాగా రాశాడో చూడమ్మా" అని నాకూ చూపించారు. ఇద్దరి పేర్లే ఉన్నందుకు ఆయన మొహం తేలికపడిన మాట నిజం. ఆ అమ్మాయి నాగాయలంక వెళ్తోందన్నమాట, ఏ గొడవా లేదు అనుకున్నారు.

శనివారం వదినకి మోకాలు నొప్పి ఎక్కువగా ఉందని, ఆటోలో సాయం నేనే స్టేషనుకి వెళ్ళాను. రైలు వచ్చింది. అరుణ్ దిగాడు, పవన్ దూకాడు, వెనకాల డేనియల్ సంచులతో దిగాడు. పవన్ తాతని చుట్టేసుకుని, వచ్చీ రాగానే ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"తాతయ్యా, సుష్మితక్క రానంది. నువ్వు మీ ముగ్గురూ రండి అని రాశావుగా! బట్టలన్నీ సర్దుకుంది కూడా. పొద్దున్నే కడుపునొప్పి అని పడుకుంది."

"ముగ్గురూ అని నేను రాశానా?" అన్నారాయన.

"రాశావు కదా తాతయ్యా" అన్నాడు అరుణ్. "చిరంజీవులు అరుణ్, సుష్మిత, పవన్‌లకు అని. గుడ్లవల్లేరు దాకా ఒకరు, కవుతరం దాకా ఒకరు, తర్వాత ఒకరు అన్నావు. మీ ముగ్గురికీ ముంజలు అన్నావు. నీ చేతిరాత మాకు చదవడం రాదుగా, సుష్మితే గట్టిగా చదివింది. కార్డు కూడా తనే రాసింది."

ఆటోవాడు సంచులు అందుకోబోతే ఆయన వదల్లేదు. చేతిలో ఉన్నదేమిటో కూడా ఆయనకి తెలుస్తున్నట్టు లేదు. దారంతా పిల్లలు పోర్టు పనుల లారీలు లెక్కపెడుతుంటే ఆయన సంచులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం సంగతి అర్థమైంది. తన పేరు లేని ఉత్తరాన్ని ఆ పిల్ల అందరి ముందూ చదవాల్సి వచ్చింది. చదువుతూ చదువుతూనే తన పేరు అందులో ఇరికించుకుంది. అబద్ధం నిలబడాలంటే రైల్లో తనకీ ఒక కిటికీ వాటా కావాలని కవుతరం కూడా కలిపింది. మళ్ళీ ఇక్కడ ఈయన దగ్గర తేడా రాకూడదని కార్డులో తన పేరు వదిలేసింది. అటు వాళ్ళకి సర్దింది, ఇటు ఈయనకి సర్దింది, చివరికి తను దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఆ మధ్యాహ్నం వరండాలో ఆయన్ని నేను కడిగేశాను. "ఆ పిల్ల మీకేం చేసింది అన్నయ్యగారూ?"

"ఏమీ చెయ్యలేదమ్మా" అన్నారు. "ఆ పేరు రాస్తే, పోయిన కోడలి మీద మట్టి వేసినట్టు అనిపించింది. వీళ్ళ అమ్మ కూర్చున్న చోట ఇంకొకళ్ళు కూర్చున్నారు, సరే. ఈ ఉత్తరం ఒక్కటైనా వీళ్ళిద్దరిదే అనుకున్నాను. తప్పే. తెలిసి చేసిన తప్పే. ఇన్ని తెలిసినవాణ్ణి, ఆ పిల్ల చదువుతుందని మాత్రం తెలుసుకోలేకపోయాను."

వదిన ఫోను చేసింది. ప్రేమ ఎత్తి, "ఇప్పుడు బానే ఉందత్తయ్యగారూ, మాట్లాడమంటే రానంటోంది" అంది. మర్నాడు ఆదివారం. విల్సన్ గారు ఆరాధన మానేసి, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా, గుడివాడ బస్సెక్కారు. ఆరాధన మానడం ఆయన జీవితంలో నేను చూడలేదు.

అక్కడ జరిగింది ఆయన నోటే విన్నాను. ప్రేమ తలుపు తీసి కంగారుపడింది. ఆయన కూర్చోకుండానే జరిగింది చెప్పేశారు. ఉత్తరం వచ్చిన రోజు ప్రేమ డ్యూటీలో, డేనియల్ షాపులో ఉన్నారట, వాళ్ళకి ఏమీ తెలియదు. ప్రేమ ఆయనకి కుర్చీ జరిపింది. తర్వాత, "దాని పేరు ఉందా అని నేనూ అడగలేదు మావయ్యగారూ. అడిగితే లేదంటారేమోనని" అంది. ఆ మాటకి ఆయన ఇంకా కుంగిపోయారు.

సుష్మిత లోపలి గదిలో ఉంది. ఆయన వెళ్ళి మంచం చివర కూర్చుని, ఆ ఉత్తరం చూపించమ్మా అన్నారు. ఆ పిల్ల బైబిల్లోంచి తీసి ఇచ్చింది. నాగాయలంకలో చూపు ఆనని అమ్మమ్మకి రోజూ కీర్తనలు చదివి వినిపించిందట, తెలుగు చదవడం అక్కడే వచ్చింది. మొదటి వరసలో అరుణ్‌కీ పవన్‌కీ మధ్య కాగితం కొంచెం గరుకుగా ఉంది. అక్కడ పెన్సిలుతో ఏదో రాసి చెరిపేసిన గుర్తు. ఎవరైనా లాక్కుని చూస్తారేమోనని రాసి, మళ్ళీ తాతగారి ఉత్తరం పాడు చేశానని చెరిపేసిందట.

"నాతో రామ్మా. నేను పిలుస్తున్నాను" అన్నారు.

"వద్దు తాతగారూ" అంది. మనవళ్ళకి ఆయన తాతయ్య, ఈ పిల్లకి తాతగారు. "మీరిప్పుడు పాపం అనుకుని పిలుస్తున్నారు."

"కాదమ్మా."

"వాళ్ళకి ఉత్తరం వచ్చింది. నాకు రాలేదుగా. వస్తే వస్తాను." కోపంగా కూడా అనలేదట. ఆయన లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "అరుణ్ వాళ్ళకి చెప్పకండి, నేను కలిపి చదివానని" అందట.

సోమవారం ఆయన పోస్టాఫీసు తలుపు తీసేసరికి అక్కడున్నారు. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని, తెల్లకాగితం మీద రాసి కొట్టేసి, మళ్ళీ రాసి, మధ్యాహ్నానికి నన్ను గోడ దగ్గరికి పిలిచి వినిపించారు.

"చిరంజీవి సుష్మితకు తాతయ్య దీవెనలు. ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. మొదటి ఉత్తరంలో నీ పేరు రాయడం నేను మర్చిపోలేదు. గుర్తుండే రాయలేదు. అది నా తప్పు, నీది కాదు. ఈ వేసవి సెలవులకు నువ్వు బందరు రావాలి. మీ అమ్మకు ఎప్పుడు వీలైతే అప్పుడు పాసింజరుకు బయలుదేరండి. నువ్వు ఒక్కదానివే కాబట్టి కిటికీ మొత్తం నీదే. పెడనలో సంచి దించుకో. పాత గౌను తెచ్చుకో, మంగినపూడి మట్టి మరక వదలదు. లైటుహౌసు నువ్వు వచ్చాకే చూపిస్తానని అరుణ్ వాళ్ళకు చెప్పాను, వాళ్ళు అలిగారు. నీకు ముంజలు ఇష్టమో కాదో నాకు తెలియదు. వచ్చాక చెప్పు. నేను రోజూ గేటు దగ్గర ఉంటాను."

"ఆ గుర్తుండే రాయలేదన్న ముక్క తీసెయ్యండి అన్నయ్యగారూ" అన్నాను. "పసిపిల్ల. మర్చిపోయానంటే సరిపోతుంది కదా."

"మర్చిపోయానంటే మళ్ళీ అబద్ధమే కదమ్మా. ఇప్పటికి ఆ పిల్ల నా కోసం ఆడిన అబద్ధాలు చాలు" అన్నారు. కవరు మీద "కుమారి సుష్మిత" అని పెద్దక్షరాలతో రాశారు. డేనియల్ పేరు కింద, కేరాఫ్ అని చిన్నగా.

డబ్బాలో వేశాక మొదలైంది అసలు శిక్ష. ఎప్పుడూ సరదాగా పట్టే ఓపిక ఈసారి ఆయన్ని తినేసింది. పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళేవారు. వాళ్ళు అలల్లో ఎగురుతుంటే ఒడ్డున నిలబడి, పోస్టుమేను గుడివాడలో ఏ వీధిలో ఉంటాడో లెక్కలు వేసేవారు. రొయ్యల వేపుడు నోట పెట్టలేదు. ముంజలవాడు వస్తే మూడు వాటాలు కొట్టించి, మూడోది సాయంత్రం దాకా ఉంచి, వాడిపోతుంటే పనమ్మాయికి ఇచ్చేసేవారు. పొద్దున రైలు వేళకి స్టేషనుకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. ఉత్తరం పోయిందేమో అని ఒక రోజు, అందినా రావడం లేదేమో అని ఒక రోజు. రెండోదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. ఫోను చేసి కనుక్కోండి అంటే, "అడిగే హక్కు నాకు లేదమ్మా" అన్నారు.

ఆ వారం గడవకముందే, ఒక పొద్దున ఆటో మా వీధి మలుపు తిరిగింది. ముందు ప్రేమ దిగింది. తర్వాత సుష్మిత. రెండు జడలు, వెలిసిపోయిన పాత గౌను, చేతిలో నీలం కవరు. సంచి విల్సన్ గారి భుజాన ఉంది. ఆయన మొహంలో సంతోషం ఉందా అంటే ఉంది, కానీ తల మాత్రం ఎత్తడం లేదు.

వదిన ఆ పిల్లని దగ్గరకి తీసుకుంది. అరుణ్ మాత్రం కవరు చూశాడు. "నీకు వేరే ఉత్తరం వచ్చిందా? ఏం రాశాడు తాతయ్య? చదువు" అన్నాడు. పవన్ కూడా చదువు చదువు అని ఎగిరాడు.

విల్సన్ గారు వరండా స్తంభం పట్టుకున్నారు. గుర్తుండే రాయలేదన్న ముక్క రాసినప్పుడు ఆ పిల్ల ఒక్కతే చదువుకుంటుందనుకున్నారు. మనవళ్ళ ముందు చదివితే తన బతుకేమిటో అప్పుడు తట్టినట్టుంది. వాళ్ళ దృష్టిలో ఈ లోకంలో ఎవర్నీ వదిలేసి వెళ్ళని మనిషి ఆయనొక్కడే. అయినా వద్దనలేదు. గోడ ఇవతల నేను పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టేశాను.

సుష్మిత కవరు విప్పి, బైబిలు చదివినట్టు స్పష్టంగా చదివింది. "చిరంజీవి సుష్మితకు తాతయ్య దీవెనలు. ఈ ఉత్తరం నీ ఒక్కదానికే." అక్కడ ఆగింది. కళ్ళు కాగితం మీదే కొంచెం కిందికి దిగాయి. "ఈ వేసవి సెలవులకు నువ్వు బందరు రావాలి. మీ అమ్మకు ఎప్పుడు వీలైతే అప్పుడు పాసింజరుకు బయలుదేరండి..."

తప్పు అన్న మాట లేదు. గుర్తుండే రాయలేదన్న మాట లేదు. మిగతాది అక్షరం పొల్లు పోకుండా చదివింది. గేటు దగ్గర ఉంటాను అన్నదాకా వచ్చి, మడతలు మళ్ళీ అలాగే వేసింది.

"అంతేనా? మాకు రాసిందే పెద్దగా ఉంది" అన్నాడు పవన్.

"అంతే" అంది సుష్మిత. "నాకు ముంజలు ఇష్టమే తాతగారూ."

విల్సన్ గారు చెప్పులు కూడా వేసుకోకుండా, ముంజలవాడి కోసం ఆ ఎండలోనే వీధిలోకి నడిచారు.